ఎయిర్ ఫ్రయర్ ప్రాజెక్టు డైరీ: ఫ్రోజెన్ ఫ్రైస్, సమోసాలు, మధ్యలో బుట్ట కుదపడం

పని ఏమిటి

ఫ్రోజెన్ ఫ్రైస్ ప్యాకెట్ల మీద సాధారణంగా మూడు మాటలుంటాయి: ఇన్ని డిగ్రీలు, ఇన్ని నిమిషాలు, మధ్యలో కుదపండి. మొదటి రెండూ అందరూ పాటిస్తారు. మూడోదాన్ని తీరిక ఉంటే చేసే పనిగా చూస్తారు. ఫ్రైస్ పైన ఎర్రగా, అడుగున తెల్లగా మెత్తగా వస్తే తప్పు ఉష్ణోగ్రతదేనని 10 డిగ్రీలు పెంచుతారు. అప్పుడు పైవి మాడతాయి, అడుగువి అలాగే ఉంటాయి. ఈ డైరీలో తేల్చాలనుకున్నది ఇదే: ఎప్పుడు కుదపాలి, ఎన్నిసార్లు, ఏ చిరుతిండిని అసలు కుదపకూడదు.

ప్రయోగమంతా ఒకే రకం యంత్రం మీద నడిచింది: సొరుగులా బయటికి లాగే బుట్ట, 4 నుంచి 5 లీటర్ల పరిమాణం, 1500 వాట్లు. కాయిల్, ఫ్యాన్ రెండూ పైనే ఉంటాయి. వేడి గాలి పక్కల నుంచి కిందికి దిగి, అడుగు చిల్లుల గుండా పైకి లేచి మళ్లీ ఫ్యాన్‌ను చేరుతుంది. తోడుగా ఒక వంటింటి త్రాసు, ఆహారంలో గుచ్చే థర్మామీటరు. త్రాసు ఎందుకంటే, కరకరను నాలుకతో కొలిస్తే ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ఎంత నీరు పోయిందో బరువు చెప్పేస్తుంది.

యంత్రం చెప్పే 200 నిజంగా 200 ఏనా

తిండి పెట్టకముందే చూడాల్సింది ఇది. ఖాళీ బుట్టలో ఓవెన్ థర్మామీటరు పెట్టి, 180కి సెట్ చేసి 10 నిమిషాలు నడపాలి. కాయిల్ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది కాబట్టి అంకె ఒకచోట నిలవదు, పైకీ కిందికీ ఊగుతుంది. ఆ రెండు కొసల నడిమి విలువ తీసుకోవాలి. అది 180కి 10 డిగ్రీలు అటో ఇటో ఉంటే కంగారు లేదు. అంతకు మించి తేడా ఉంటే ఆ తేడాను యంత్రం మీద రాసి అతికించుకుని, కింద ఇచ్చిన ప్రతి అంకెనూ దానికి తగ్గట్టు సవరించుకోవాలి.

యంత్రం లోపలి సెన్సర్ కొలిచేది గాలి వేడిని. ముక్క వేడి దానికి తెలియదు. ఈ తేడా ముందు ముందు పనికొస్తుంది.

మొదటి దశ: అసలు కుదపకుండా

పోల్చడానికి ఒక ఆధారం కావాలి. 9 నుంచి 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫ్రైస్ 300 గ్రాములు, ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే బుట్టలో వేసి, 200 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ముట్టుకోకుండా ఉంచాలి. దించాక అన్నీ ఒక పళ్లెంలో కుమ్మరిస్తే ఏమీ తెలియదు. పై వరుసను పట్టుకారుతో తీసి ఒక పక్క, మధ్యవి ఒక పక్క, చిల్లుల పళ్లేనికి ఆనినవి ఒక పక్క పెట్టి ఒక్కో కుప్పలోంచి రెండేసి విరిచి చూడాలి.

పై కుప్పలో కొసలు ముదురు రంగు తిరిగి విరిస్తే టప్పున విరుగుతాయి. మధ్య కుప్పలో ఒకదానికొకటి ఆనుకున్న చోట తెల్లటి చారలుంటాయి. విరవబోతే అవి వంగుతాయి. అడుగువి లోహానికి తగిలిన గీతల దగ్గర మాత్రం రంగు తేలి, మిగతా చోట చెమ్మగా ఉంటాయి. ఒకే బుట్టలో, ఒకే సెట్టింగ్‌లో మూడు రకాల ఫ్రైస్. ఇక్కడ ఉష్ణోగ్రత పెంచడం వల్ల ఎందుకు లాభం లేదో అర్థం కావాలంటే నీటి లెక్క చూడాలి.

నీటి లెక్క

ఫ్రోజెన్ ఫ్రై బరువులో దాదాపు మూడింట రెండు వంతులు నీరే. ముక్క పైభాగం తడిగా ఉన్నంతసేపూ దాని వేడి 100 డిగ్రీల దరిదాపుల్లోనే ఆగిపోతుంది. చుట్టూ ఉన్న గాలి 200 డిగ్రీలున్నా సరే, వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. బాగా రంగు తేలాలంటే పైపొర 140 డిగ్రీలైనా దాటాలి. అంటే ముందు ఎండాలి, తర్వాతే ఎర్రబడాలి.

ఒక గ్రాము నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.26 కిలోజౌల్స్ పడుతుంది. అదే గ్రామును సున్నా నుంచి మరిగే దాకా తేవడానికి పట్టేది 0.42 మాత్రమే. కాబట్టి సమయమంతా తినేసేది ముక్కను వేడెక్కించడం కాదు, ఆరబెట్టడం. 300 గ్రాములు వేస్తే దించేసరికి 190 నుంచి 200 గ్రాములు మిగలాలని లక్ష్యం పెట్టుకున్నాం. అంటే దాదాపు 100 గ్రాముల నీరు బుట్ట దాటి బయటికి పోవాలి. 220 గ్రాముల పైన ఉంటే ప్లేటులోకి వచ్చిన కొద్దిసేపటికే మెత్తబడతాయి. 180 కన్నా తగ్గితే లోపల గుజ్జు లేకుండా పుల్లల్లా ఎండిపోతాయి.

ఆ 100 గ్రాముల ఆవిరి ఎక్కడినుంచి లేస్తుందన్నది అసలు విషయం. గాలి ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది. ముక్కలు దగ్గర దగ్గరగా పేరుకున్న చోటును వదిలేసి, బుట్ట అంచుల వెంట, ఖాళీల గుండా పోతుంది. పేరుకున్న చోట ముక్కల మధ్య చిక్కుకున్న ఆవిరి కదలదు. ఇంకా చల్లగా ఉన్న పక్క ముక్క మీద మళ్లీ నీరై కూర్చుంటుంది. పైవరుసకు వేగుడు, లోపలి వరుసలకు ఉడుకు. పైగా కాయిల్ పైన ఉంది కాబట్టి నేరుగా వచ్చే వేడి కూడా పైవరుసకే దక్కుతుంది. కుదపడమంటే ఆవిరి చిక్కుకున్న ముఖాన్ని గాలికి చూపించడం, కాయిల్ కింద మాడబోతున్న ముక్కను అడుగుకు పంపడం. రెండూ ఒకేసారి జరుగుతాయి.

రెండో దశ: ఎప్పుడు కుదపాలి

ప్యాకెట్ చెప్పినట్టు సరిగ్గా సగం సమయానికి ఒక్కసారి కుదపడం కుదపకపోవడం కన్నా చాలా మేలు. కానీ అది ఉత్తమమైన సమయం కాదు. 300 గ్రాములకు మాకు బాగా కుదిరింది 5వ నిమిషం, 10వ నిమిషం.

5వ నిమిషం ఎందుకు? ఫ్రీజర్‌లోంచి వచ్చిన ముక్కలు పైనున్న మంచుతో రెండేసి మూడేసి అతుక్కుని ఉంటాయి. రెండో నిమిషంలో కుదిపితే ఆ ముద్దలు విడిపోకుండా ముద్దలుగానే దొర్లుతాయి. 5వ నిమిషానికి మంచు కరిగి పట్టు వదులుతుంది, పైన తడి ఇంకా ఉంటుంది. ఇదే విడదీసే సమయం. 7 లేదా 8 నిమిషాల దాకా ఆగితే, పిండి పదార్థం చిక్కబడి ఆనుకున్న ముక్కలు అంటుకుపోతాయి. అప్పుడు విడదీయబోతే ఒకదాని పైపొర ఊడి రెండోదానికి వస్తుంది.

అయితే 5వ నిమిషంలో ముక్క చాలా సుకుమారంగా ఉంటుంది. లోపలి మంచు పోయింది, పైన పెళుసు పొర ఇంకా కట్టలేదు. కాబట్టి మొదటి కుదుపు మృదువుగా ఉండాలి, మూడు నాలుగు సార్లు చాలు. 10వ నిమిషం నాటికి పొర కడుతుంది, అప్పుడు గట్టిగా ఎగరేసినా విరగవు.

గడియారం చూడకుండా చెవితో కూడా పోల్చుకోవచ్చు. గడ్డకట్టిన ముక్కలు బుట్టలో టకటకమని గట్టిగా మోగుతాయి. 5వ నిమిషంలో చప్పుడు దాదాపు ఉండదు, ముక్కలు మెత్తగా జారుతాయి. వేగాక తేలికైన గలగల వినిపిస్తుంది. ఆ గలగల వచ్చిందంటే పైపొర ఎండినట్టే, ఇక మిగిలింది రంగు చూసుకోవడమే. మందం మారినా, యంత్రం మారినా ఈ చప్పుడు మోసం చేయదు కనుక దీనికి నిమిషాల కన్నా ఎక్కువ విలువిస్తాం.

మరి ప్రతి రెండు నిమిషాలకూ కుదిపితే ఇంకా బాగుంటుందా? ఉండదు. సొరుగు లాగగానే లోపలి వేడి గాలి పోతుంది, చాలా యంత్రాల్లో కాయిల్, ఫ్యాన్ కూడా ఆగిపోతాయి. మళ్లీ పుంజుకోవడానికి కొంత సమయం పోతుంది. పైగా పొర కట్టకముందే పదేపదే కుదిపితే కొసలు విరిగి తునకలవుతాయి. ఆ తునకలు చిల్లుల గుండా కింద పడి మాడి పొగ రేపుతాయి. ఒక్కో కుదుపు 10 నుంచి 15 సెకన్లలో ముగించాలి. సొరుగు తెరిచి పెట్టి ఒక్కో ముక్కనూ పరీక్షించడం వద్దు.

ఎలా కుదపాలి

ఎడాపెడా ఊపితే బుట్ట అడుగున ఉన్నవి అడుగునే జారుతూ పక్కలకు పోతాయి, పైకి రావు. చేటలో బియ్యం చెరిగినట్టు చేయాలి: ముందుకు తోసి, కొస కాస్త పైకి లేపి, వెనక్కి లాగితే అడుగు వరుస ముందు గోడ ఎక్కి పై వరుస మీద తిరగబడుతుంది. చివరగా బుట్టను ఒకసారి అడ్డంగా ఊపి ముక్కలను సమంగా పరవాలి. ఒక మూల కుప్పగా వదిలేసి లోపలికి తోస్తే కుదిపిన ప్రయోజనం సగం పోతుంది.

కొన్ని యంత్రాల్లో బుట్ట, దాని బయటి పాత్ర వేర్వేరుగా ఉండి, హ్యాండిల్ మీద బటన్ నొక్కితే విడిపోతాయి. కుదిపేటప్పుడు బొటనవేలు ఆ బటన్‌కు దూరంగా ఉండాలి. లేదంటే వేడి నూనె ఉన్న బయటి పాత్ర ఊడి కాళ్ల మీద పడుతుంది. బుట్ట సగానికి మించి నిండి ఉంటే ఎగరేయడం సాగదు, సిలికాన్ కొస ఉన్న పట్టుకారుతో అడుగువి పైకి తేవాలి. ఇనుప గరిటె పెడితే నాన్‌స్టిక్ పూత గీసుకుపోతుంది.

మూడో దశ: 600 గ్రాములు వేస్తే

ఇంట్లో నలుగురికి చేయాలంటే ఎవరికైనా వచ్చే ఆలోచన ఇది: రెట్టింపు వేసి, 20 నిమిషాలు పెట్టి, రెండుసార్లు కుదిపితే సరిపోదా? సరిపోదు. 600 గ్రాముల నుంచి 200 గ్రాముల నీరు పోవాలి. కాయిల్ అదే, ఫ్యాన్ అదే. పైగా రెండు వరుసలుగా ఉండాల్సినవి నాలుగు వరుసలవుతాయి, గాలి దారులు మూసుకుపోతాయి. 22 నుంచి 25 నిమిషాలు పెట్టి, 5 నిమిషాలకొకసారి కుదిపితే తినదగ్గవే వస్తాయి. కానీ కరకర అన్నిటికీ సమంగా రాదు, విరిగినవీ ఎక్కువ.

దీనికన్నా మంచి దారి ఉంది. 300 గ్రాముల చొప్పున రెండు విడతలుగా వేయాలి. ఒక్కో విడతను 12 నిమిషాల దగ్గర, లేత పసుపు రంగులో ఉండగానే ఆపి, వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరవాలి. రెండోది కూడా అయ్యాక రెండిటినీ కలిపి బుట్టలో వేసి 200 దగ్గర 3 నిమిషాలు, మధ్యలో ఒక గట్టి కుదుపు. నీరు చాలావరకు ముందే పోయింది కాబట్టి చివరి 3 నిమిషాల్లో బుట్ట నిండినా ఇబ్బంది లేదు, అన్నీ ఒకేసారి వేడిగా ప్లేటులోకి వస్తాయి.

ఫ్రైస్‌కు ఖాయం చేసుకున్న సెట్టింగ్‌లు

3 నిమిషాలు ప్రీహీట్ చేసిన బుట్టలో, 300 గ్రాములకు:

- సన్నవి, 6 నుంచి 7 మిల్లీమీటర్లు: 200 డిగ్రీలు, 10 నుంచి 13 నిమిషాలు. 4వ, 8వ నిమిషాల్లో కుదుపు.
- మామూలువి, 9 నుంచి 10 మిల్లీమీటర్లు: 200 డిగ్రీలు, 14 నుంచి 17 నిమిషాలు. 5వ, 10వ నిమిషాల్లో.
- లావువి, 14 మిల్లీమీటర్ల దాకా: 190 డిగ్రీలు, 18 నుంచి 22 నిమిషాలు. 6వ, 12వ, 17వ నిమిషాల్లో.

ప్రీహీట్ చేయకపోతే 2 నుంచి 3 నిమిషాలు కలుపుకోవాలి. ఫ్రైస్‌ను ముందుగా కరిగించకూడదు. కరిగితే పైన నీళ్లు తేలి, మెత్తబడి, కుదపగానే విరుగుతాయి. ప్యాకెట్ అడుగున చేరిన మంచు పొడి బుట్టలోకి రాకుండా చూసుకోవాలి, అది అదనంగా ఆరాల్సిన నీరే. నూనె అవసరం దాదాపు ఉండదు. ఫ్యాక్టరీలో ఇవి ఒకసారి నూనెలో వేగే వస్తాయి, ఆ నూనె చాలు. ఉప్పు మాత్రం దించిన వెంటనే, పైన నూనె మెరుపు ఉండగానే చల్లాలి. ముందే వేస్తే నీరు లాగుతుంది, ఆలస్యమైతే అంటదు.

రంగు విషయంలో ఒక మాట. బంగారు పసుపు దగ్గర ఆపాలి, గోధుమ రంగు దాకా పోనివ్వకూడదు. పిండి పదార్థం ఎక్కువున్నవి 120 డిగ్రీలు దాటిన వేడిలో ముదురు రంగు తిరిగేకొద్దీ ఆక్రిలమైడ్ పెరుగుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. కుదపని బుట్టలో అడుగువి వేగే దాకా ఆగితే పైవరుస సరిగ్గా ఆ ముదురు రంగులోకే పోతుంది.

నాలుగో దశ: సమోసాలు, ఇక్కడ కుదుపు వద్దు

ఫ్రైస్‌కు పనికొచ్చిన సూత్రం సమోసాకు అలాగే వర్తించదు. సమోసాకు మూడు మూలలు, ఒక అతుకు ఉన్నాయి. బుట్ట ఎగరేస్తే మూలలు చిట్లుతాయి, అతుకు విచ్చుకుంటుంది. లోపలి కూరలోని తడి ఆ పగులు గుండా బయటికి వచ్చి ఆ పక్క పిండిని నానబెడుతుంది. అందుకే పట్టుకారుతో ఒక్కొక్కటీ తిప్పాలి. గాలికి కొత్త ముఖం చూపడమే ఇక్కడా ఉద్దేశం, పద్ధతి మాత్రమే వేరు.

ముందు ప్యాకెట్ చదివి అవి వేయించి గడ్డకట్టించినవా, పచ్చివా తెలుసుకోవాలి. రాసి లేకపోతే చూడగానే పోల్చుకోవచ్చు: లేత పసుపు రంగు, చిన్న బుడగలు ఉంటే ముందే వేగినవి. తెల్లగా, పిండి పిండిగా ఉంటే పచ్చివి. పచ్చివాటికి నూనె తప్పనిసరి. పొడి పిండి మీద వేడి గాలి తగిలితే రంగు రాకుండా గట్టిపడి అట్టలా అవుతుంది. ఒక్కో పెద్ద సమోసాకు అర టీస్పూన్ నూనె, బ్రష్‌తో మడతల్లోకి కూడా పూయాలి.

పెద్ద సమోసా, సుమారు 80 గ్రాములది, నాలుగు పెడతామనుకుందాం. ఒక్కోదాని మధ్యలో వేలెడు దూరం ఉండాలి. ఫ్రైస్ లాగే 200 దగ్గర పెడితే 8 నిమిషాలకే పైన ఎర్రబడుతుంది. గుచ్చి చూస్తే నడిమి కూర చల్లగానే ఉంటుంది. కూర ముద్ద మందంగా ఉండటం వల్ల వేడి నడుమకు చేరడానికి సమయం కావాలి, గాలి వేడి పెంచితే ఆ ప్రయాణం పెద్దగా తొందరపడదు, పై పిండి మాత్రం తొందరగా మాడుతుంది. అందుకే రెండు మెట్లుగా చేస్తాం. ముందు 160 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు, 7వ నిమిషంలో తిప్పడం. తర్వాత 190కి పెంచి 4 నుంచి 6 నిమిషాలు, అందులో సగంలో మరోసారి తిప్పడం. థర్మామీటరు కొసను అతుకు పక్కనుంచి నడిమి దాకా గుచ్చితే 75 డిగ్రీలు చూపాలి. మాంసం కూర ఉన్నవాటికి ఇది కచ్చితంగా పాటించాల్సిన అంకె. బయట రంగు వచ్చేసి లోపల 60 దగ్గరే ఉంటే, మళ్లీ 150కి తగ్గించి 4 నిమిషాలు ఉంచాలి. 190 దగ్గరే కొనసాగించకూడదు.

మొదటి 7 నిమిషాల్లో తిప్పబోతే చిల్లుల పళ్లేనికి అంటుకున్న పిండి చిరుగుతుంది. అడుగు పొర ఎండాక దానంతట అదే వదులుతుంది. పట్టుకారుతో మెల్లగా కదిలిస్తే కదలకపోతే మరో నిమిషం ఆగడమే మందు.

పలుచటి పట్టీతో చుట్టిన చిన్న సమోసాలకు, 20 గ్రాముల లోపువాటికి, రెండు మెట్లు అక్కర్లేదు: 180 దగ్గర 8 నుంచి 10 నిమిషాలు, 5వ నిమిషంలో ఒకసారి తిప్పితే చాలు. వీటిలో పట్టీ కొస సరిగ్గా అంటకపోతే ఫ్యాన్ గాలికి లేచి ఆ కొస ఒక్కటే మాడుతుంది. ఆ కొస కిందికి వచ్చేలా పెట్టాలి, లేదా ఒక చుక్క నీటితో అంటించాలి.

అంటుకోకుండా ఉంటుందని బుట్టలో బేకింగ్ పేపర్ పరిస్తే అడుగు చిల్లులు మూసుకుపోయి, కింది ముఖం తిప్పేదాకా ఆవిరిలోనే ఉంటుంది. వాడాలనుకుంటే చిల్లులున్న పేపరే వాడాలి, సమోసాలు పైన పెట్టాకే యంత్రం ఆన్ చేయాలి. ఖాళీ పేపరుతో ప్రీహీట్ చేస్తే అది ఎగిరి కాయిల్‌కు తగిలి నిప్పంటుకుంటుంది. దించిన సమోసాలను పళ్లెంలో కాకుండా జాలీ మీద 3 నిమిషాలు ఉంచాలి, పళ్లెంలో పెడితే కింద చేరిన ఆవిరి అడుగును మెత్తబరుస్తుంది.

తర్వాతి దశ

ఫ్రైస్, సమోసాలు ఒకే బుట్టలో వేయించడం ప్రయత్నాల జాబితాలోంచి తీసేశాం. ఒకదాన్ని కుదపాలి, రెండోదాన్ని కుదపకూడదు, వేడి కూడా వేర్వేరు. ఫ్రైస్ 12 నిమిషాల దాకా వేయించి తీసి పరిచి, సమోసాలు పూర్తిచేసి జాలీ మీదికి తీశాక, ఫ్రైస్‌ను 3 నిమిషాలకు మళ్లీ లోపలికి పంపే క్రమం సరిగ్గా సరిపోతుంది. ఇక చూడాల్సింది బుట్టలో రెండో అరగా పెట్టే ఇనుప స్టాండ్. దాని మీద పెట్టినవి కాయిల్‌కు దగ్గరవుతాయి, కిందివాటికి గాలి తగ్గుతుంది, కుదపడానికి వీలే లేదు. 170 డిగ్రీలతో మొదలుపెట్టి, 5 నిమిషాలకొకసారి పై అర సమోసాలను కిందికి, కిందివి పైకి మార్చి, రెండు అరల్లోనూ నడిమి వేడి 75కి ఎంత తేడాతో చేరుతుందో కొలవాలి.